స్కూలు ట్రస్టు వెబ్‌సైట్ ఆర్‌ఎఫ్‌పీ: ముందు మీ దగ్గరున్న సరుకు లెక్క రాయండి

ప్రశ్న: మా ట్రస్టు కింద నాలుగు స్కూళ్లున్నాయి. నాలుగింటికీ వేర్వేరు పాత వెబ్‌సైట్లు. అన్నింటినీ కలిపి కొత్తగా చేయించాలని బోర్డు నిర్ణయించి, ప్రతిపాదనలు, ధరలు అడుగుతూ ఏజెన్సీలకు పంపే పత్రం, అంటే ఆర్‌ఎఫ్‌పీ, తయారు చేసే పని నాకు అప్పగించింది. దొరికిన నమూనాలన్నీ నలభై పేజీలకు తక్కువ లేవు. అసలు అందులో ఏమి ఉండాలి?

జవాబు: ఆ నమూనాలను పక్కన పెట్టేయండి. వాటిలో సగం ట్రస్టు చరిత్ర, ఆశయాలు, మిగతా సగం ‘ఆధునికంగా, ఆకర్షణీయంగా, సులువుగా వాడుకునేలా’ వంటి విశేషణాలు. వాటిని చూసి ఏ ఏజెన్సీ తన ధరలో ఒక్క అంకె మార్చదు. ఇలాంటి పనిలో ధర ఎక్కువగా ఆధారపడేది పాత సైట్లలో పేజీలు, ఫైళ్ల రూపంలో ఎంత సరుకుంది, దాన్ని కొత్త చోటికి ఎవరు చేర్చాలి అన్నదాని మీద. దాదాపు ఏ నమూనాలోనూ ఆ లెక్కకు చోటుండదు.

ఆరు స్కూళ్లున్న ఒక ట్రస్టుకు నేను ఈ పనిలో సాయం చేశాను. నన్ను పిలిచేసరికే వాళ్లు ఒక పత్రం పంపేశారు, అయిదు కొటేషన్లు కూడా వచ్చేశాయి. అన్నిటికంటే ఎక్కువ ధర, అన్నిటికంటే తక్కువ ధరకు నాలుగు రెట్లుంది. పెద్ద ధర అడిగినవాళ్లు దోచుకుంటున్నారని బోర్డులో కొందరి అనుమానం. పత్రం తెరిచి చూస్తే సంగతి అర్థమైంది. ‘ప్రస్తుత సైట్లలోని సమాచారాన్ని కొత్త సైట్‌కు తరలించాలి’ అని ఒకే ఒక వాక్యం ఉంది. ఆ వాక్యాన్ని ఒక ఏజెన్సీ యాభై పేజీలుగా లెక్కకట్టి, అంతకు మించితే విడిగా చెల్లించాలని చివరి పేజీలో చిన్న అక్షరాలతో రాసింది. మరొకటి ఉన్నదంతా తానే తరలిస్తానంది. ఇంకొకటి తరలింపు ట్రస్టు సిబ్బందే చేసుకుంటారని అనుకుంది. ఎవరూ మోసం చేయలేదు. ఒకే ప్రశ్నను అయిదుగురు అయిదు రకాలుగా చదివారు, అంతే. అలాంటి కొటేషన్లను పక్కపక్కన పెట్టి పోల్చడం వృథా. వాటన్నిటినీ పక్కన పెట్టి, సరుకు లెక్క తీసి, పత్రం మళ్లీ పంపాం.

లెక్క తీయడానికి సాంకేతిక నిపుణులు అక్కర్లేదు. సైట్ నిర్వహణ పేనెల్‌లో పేజీల జాబితా, ఫైళ్ల జాబితా ఉంటాయి. లాగిన్ ఎవరి దగ్గరుందో తెలియకపోతే (చాలా స్కూళ్లలో ఇదే పరిస్థితి) బ్రౌజర్‌లో సైట్ చిరునామా చివర `/sitemap.xml` చేర్చి చూడండి, చాలా సైట్లలో పేజీల చిట్టా అక్కడే కనిపిస్తుంది. మరచిపోయిన పీడీఎఫ్‌లను పట్టుకోవడానికి గూగుల్‌లో ఇలా వెతకండి, `example.org` ఉన్నచోట మీ డొమైన్ పేరు పెట్టి:

```
site:example.org filetype:pdf
```

ఇందులో అన్నీ రావు కానీ, మీకే తెలియని పాత ఫైళ్లు కొన్ని తప్పకుండా బయటపడతాయి. వీటన్నింటినీ ఒక ఎక్సెల్ షీటులో పెట్టండి. చిరునామా, శీర్షిక, ఏ స్కూలుది, చివరిసారి ఎప్పుడు మార్చారు, ఏమి చేయాలి, ఎవరు నిర్ణయించారు అని ఆరు నిలువు గడులు చాలు. ‘ఏమి చేయాలి’ అన్న గడిలో నాలుగు మాటలే రావాలి: ఉంచాలి, తిరగరాయాలి, కలపాలి, తీసేయాలి. ‘తర్వాత చూద్దాం’ అన్న అయిదో మాటకు చోటిచ్చారంటే షీటంతా అదే నిండిపోతుంది.

మేము లెక్క తీసిన ఆరు సైట్లలో కలిపి 1,140 పేజీలు తేలాయి. వాటిలో 640 గడిచిపోయిన వార్షికోత్సవాలు, ముగిసిన ప్రవేశ ప్రకటనలు, ఎప్పుడో వెళ్లిపోయిన ఉపాధ్యాయుల పరిచయాలు. అవి తీసేయాల్సినవే. మరో 210 పేజీలు ఒకే విషయం పలుచోట్ల ఉండడంతో అదనంగా తేలినవి, కలిపేస్తే పోయేవి. ఫీజు వాపసు నియమాలు ఆరు సైట్లలోనూ ఉన్నాయి. అయితే ఆరింట్లో కలిపి నాలుగు వేర్వేరు రూపాల్లో! ఏది చెల్లుతుందో అడిగితే ఇద్దరు ప్రిన్సిపాళ్లు రెండు చెప్పారు. ఇలాంటి చిక్కుముడిని ఏ ఏజెన్సీ విప్పలేదు, విప్పకూడదు కూడా. ట్రస్టు కార్యాలయమే కూర్చుని ఒకటి ఖరారు చేయాలి. చివరికి మిగిలినవి 290 పేజీలు. వాటిలో 240 ఉన్నవి ఉన్నట్టు తరలించేవి, 50 తిరగరాయాల్సినవి. ఆ షీటును పత్రానికి జతచేసి, ‘240 పేజీలను ఏజెన్సీ తరలించాలి, 50 పేజీలను ట్రస్టు తిరగరాసి ఫలానా తేదీకి ఇస్తుంది, అంతకు మించితే పేజీకి ఎంతో విడిగా చెప్పండి’ అని రాశాం. రెండోసారి వచ్చిన కొటేషన్లలో అతి పెద్దది అతి చిన్నదానికి రెట్టింపు కూడా లేదు.

ఆ షీటులోనే పీడీఎఫ్‌ల సంగతి కూడా తేల్చుకోండి. సంతకం, ముద్ర వేసిన కాగితాన్ని స్కాన్ చేసి పెట్టడం స్కూళ్లకు అలవాటు. అది కంటికి అక్షరాల్లా కనిపించినా కంప్యూటర్‌కు ఉత్త బొమ్మ. చూపు లేని తల్లిదండ్రులు వాడే చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అందులో మాటలు నేరుగా దొరకవు. ఫోనులో చదవాలన్నా అక్షరాలు పెద్దవి చేసి అటూ ఇటూ జరపాల్సిందే. వైకల్యం ఉన్నవారూ సైట్ వాడుకోగలిగేలా పెట్టిన ప్రమాణం WCAG. పత్రంలో ‘WCAG 2.2 AA స్థాయి పాటించాలి’ అని రాసి, పాత స్కాన్లన్నీ అలాగే ఎక్కించమంటే ఆ షరతును మీరే కొట్టేసినట్టు. ముఖ్యమైన పీడీఎఫ్‌లను పేజీలుగా మార్చే పని ఎవరిదో అక్కడే తేల్చి రాయండి. పిల్లల ఫొటోలకు కూడా ఒక గడి పెట్టండి. అనుమతి పత్రం దొరకని ఫొటోను తరలించకపోవడమే మేలు.

తరలింపు గురించి మరో మాట. పేజీ కొత్త చోటికి వెళితే చిరునామా మారుతుంది. పాత చిరునామా నొక్కినవారు కొత్త పేజీకి చేరేలా చేసే ఏర్పాటును 301 రీడైరెక్ట్ అంటారు. ప్రాస్పెక్టస్ మీద, గోడపత్రికల మీద అచ్చయిన క్యూఆర్ కోడ్‌లన్నీ ఆ పాత చిరునామాలకే వెళుతుంటాయి. ‘రీడైరెక్ట్‌లు చేయాలి’ అని మాత్రమే రాస్తే హోమ్‌పేజీకి మళ్లించి చేతులు దులుపుకునేవారున్నారు. అందుకని ఓ ముప్పై పాత చిరునామాలను మీరే ఎంచి ఇచ్చి, వాటిలో ప్రతిదీ సరైన పేజీకి చేరితేనే చివరి విడత సొమ్ము చెల్లిస్తామని రాయండి.

ఇక డొమైన్. పత్రం పంపకముందే నాలుగు డొమైన్లూ ఎవరి పేరిట నమోదయ్యాయో చూసుకోండి. ఆ ఆరు స్కూళ్లలో ఒకదాని డొమైన్, పాత సైట్ చేసిన సంస్థలో ఎప్పుడో పని మానేసిన ఉద్యోగి వ్యక్తిగత ఈమెయిల్‌తో నమోదై ఉంది. దాన్ని ట్రస్టు పేరిట మార్చుకునేసరికి సైట్ తయారీ దాదాపు పూర్తయింది. స్కూలు ఈమెయిళ్లు కూడా అదే డొమైన్ మీద నడుస్తుంటే ఆ సంగతి పత్రంలో తప్పక రాయండి. కొత్త సైట్‌కు మారే రోజున డొమైన్ తాలూకు డీఎన్‌ఎస్ సెట్టింగుల్లో, సైట్ ఎక్కడుందో చెప్పే `A` రికార్డుతో పాటు ఈమెయిళ్లు ఎక్కడికి వెళ్లాలో చెప్పే `MX` రికార్డును కూడా ఎవరైనా కదిపితే సైట్ దివ్యంగా కనిపిస్తుంది, ఈమెయిళ్లు మాత్రం రావు. ఎవరో ఫోను చేసి ‘మెయిల్ పంపాం, జవాబే లేదు’ అనేదాకా తెలియదు.

ఏమి కావాలో చెప్పే భాగాన్ని సౌకర్యాల జాబితాగా రాయవద్దు. ‘నోటీసుల విభాగం ఉందా’ అని అడిగితే అందరూ ఉందనే అంటారు. సిబ్బంది చేసే పనులుగా రాయండి. మేము రాసింది ఇది: ‘తెల్లవారుజామున భారీ వర్షం. ట్రస్టు గుమాస్తా ఇంటి నుంచి, తన ఫోనులో, ఆరింట్లో మూడు స్కూళ్లకు మాత్రమే సెలవు ప్రకటన పెట్టాలి. మర్నాడు అది దానంతటదే తొలగిపోవాలి.’ ఒక్కసారి పెడితే కోరిన స్కూళ్లన్నిటిలో కనిపిస్తుందా, గడువు తేదీ పెట్టవచ్చా, ఒక స్కూలు వాళ్లు మరో స్కూలు పేజీని పొరపాటున మార్చకుండా అనుమతులు ఎలా ఉంటాయి అన్న ప్రశ్నలన్నీ ఈ ఒక్క పనిలోనే వచ్చేస్తాయి.

తుది వడపోతకు వచ్చినవారి వ్యవస్థలో ఆ పనిని కళ్ల ముందే చేయించి చూస్తామని పత్రంలోనే ముందుగా చెప్పాం. అయితే చేసేది ఏజెన్సీ మనిషి కాదు, మా గుమాస్తా. మొదటి ఏజెన్సీ ప్రదర్శనలో ఆమె ఫోను పట్టుకుని మెనూలో కిందికీ పైకీ వెతుకుతుంటే, వచ్చినాయన ఉండబట్టలేక ‘ఇలా ఇవ్వండి మేడమ్’ అంటూ చేయి చాపాడు. బోర్డు సభ్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండో ఏజెన్సీ తెరలు అంత అందంగా లేవు గానీ, ఆమె ఎవరినీ ఏమీ అడగకుండా పని ముగించి ఫోను బల్ల మీద పెట్టేసింది. ప్రదర్శనకు పెట్టిన మార్కుల్లో తేడా అక్కడే వచ్చింది.

ధర కోసం ఖాళీ పట్టిక మీరే ఇవ్వండి, వాళ్ల సొంత పద్ధతిలో రాయనివ్వవద్దు. డిజైన్, నిర్మాణం, తరలింపు, శిక్షణ ఒక్కసారి అయ్యేవి. హోస్టింగ్, లైసెన్సు, నిర్వహణ ఏటా అయ్యేవి, వాటిని మూడేళ్లకు విడివిడిగా అడగండి. కొత్తగా ఒక స్కూలు చేరితే ఎంత, ఒప్పందం ముగిశాక మొత్తం సమాచారాన్ని వేరేచోట వాడుకోగల రూపంలో అప్పగించడానికి ఎంత అన్న వరుసలు కూడా ఉండాలి. ఉదాహరణకు ఒక ఏజెన్సీ తయారీకి 100 అడిగి ఏటా 60 అంటుంది. రెండోది తయారీకి 160, ఏటా 25 అంటుంది. మొదటి పేజీలోని అంకె చూస్తే మొదటిదే చవక. మూడేళ్లకు కూడితే అది 280, రెండోది 235. బడ్జెట్ ఎంతో చెబితే అంతా అడిగేస్తారని బోర్డులో ఎవరో ఒకరు తప్పక అంటారు. పట్టిక ఇలా విడగొట్టి ఉంటే ఆ భయం అక్కర్లేదు. ఈ పరిమితి నుంచి ఈ పరిమితి దాకా అని చెప్పేయండి. మీ స్థోమతకు అందనివాళ్లు ముందే తప్పుకుంటారు.

పత్రాన్ని నలుగురైదుగురికి మించి పంపవద్దు. సందేహాలు అడగడానికి వారం, ప్రతిపాదనకు మరో రెండు మూడు వారాలు ఇవ్వండి. ఒకరు అడిగిన ప్రశ్నకు ఇచ్చిన జవాబు, అడిగినవారి పేరు తీసేసి, అందరికీ పంపాలి. ప్రారంభ తేదీ ప్రవేశాల కాలంలోనూ పరీక్షా ఫలితాల సమయంలోనూ పడకుండా చూసుకోండి. తరలింపు మొదలయ్యాక పాత సైట్లో పెట్టే ప్రతి మార్పునూ కొత్తదాంట్లో మళ్లీ పెట్టాల్సి వస్తుంది కాబట్టి, చివరి రెండు వారాలు అత్యవసర నోటీసులు తప్ప పాత సైట్లలో ఏమీ మార్చకూడదని నలుగురు ప్రిన్సిపాళ్ల చేతా ఇప్పుడే ఒప్పించి, ఆ తేదీలను కూడా పత్రంలో వేయండి.