బ్లూటూత్ వదిలి కాస్ట్‌కి మారండి

“స్పీకర్‌ని బ్లూటూత్‌లో కలిపా. ఫోన్ పట్టుకుని పక్క గదిలోకి వెళ్తే పాట తెగిపోతోంది, కాల్ ఎత్తితే అవతలి వాళ్ల గొంతు హాల్లో మోగుతోంది. కాస్ట్ గుర్తు నొక్కితే స్పీకర్ కనబడట్లేదు.”

బ్లూటూత్‌లో పాట మీ ఫోన్ నుంచే వెళ్తుందండీ, అందుకే గోడ అడ్డొస్తే తెగుతుంది. అదే కాస్ట్ అయితే ఫోన్ ఏ పాటో చెప్పి ఊరుకుంటుంది, స్పీకరే వైఫైలో నెట్ నుంచి తెచ్చుకుంటుంది, మీరు ఇల్లంతా తిరిగినా ఆగదు. పైగా మామూలు ఫోన్ కాల్ కాస్ట్‌లో వెళ్లదు కాబట్టి ఆ గోల కూడా ఉండదు.

కనబడకపోవడానికి నాకు తెలిసి ఎక్కువగా కారణం ఒకటే, ఫోనూ స్పీకరూ ఒకే నెట్‌వర్క్‌లో లేకపోవడం. మా ఇంట్లోనూ ఇదే, స్పీకర్‌ని ఎప్పుడో గెస్ట్ వైఫైలో పెట్టి మర్చిపోయా, రెండు రోజులు రీసెట్లు కొట్టాక తెలిసింది 😅 గెస్ట్ వైఫైలో మామూలుగా ఒక పరికరానికి ఇంకోటి కనబడనివ్వదు. స్పీకర్ యాప్‌లో వైఫై పేరు చూసి ఫోన్‌దాంతో పోల్చండి, ఫోన్‌లో వీపీఎన్ ఉంటే ఆపండి. పేరు ఒకటే అయినా రాకపోతే రౌటర్ సెట్టింగుల్లో ఇలాగే పరికరాల్ని ఒకదానికొకటి కనబడనివ్వని AP Isolation లాంటిది ఆన్‌లో ఉందేమో చూసి ఆఫ్ చేయండి.

బ్లూటూతే కావాలంటే, ఆండ్రాయిడ్ అయితే స్పీకర్ పేరు పక్కన గేర్ గుర్తు నొక్కి Phone calls ఆపేసి Media audio ఉంచండి, కాల్స్ మళ్లీ చెవి దగ్గరకే వస్తాయి.