ఫోటోలోని వాలుతలం పటం: ఘర్షణ బాణం ఎటు గీయాలి?

ప్రశ్న: మిత్రుడు తన నోట్సులోని స్వేచ్ఛా వస్తు పటాన్ని ఫోటో తీసి పంపాడు. 30 డిగ్రీల గరుకు వాలుతలం మీద నిశ్చలంగా ఉన్న 5 కిలోల దిమ్మెను 40 న్యూటన్ల క్షితిజ సమాంతర బలంతో వాలువైపు నెడుతున్నారు. స్థైతిక ఘర్షణ గుణకం 0.4, గతిక ఘర్షణ గుణకం 0.3. బలాలను విడదీసి లెక్క చేస్తే నాకు వాలు వెంట పైకి 5.4 మీ/సె² త్వరణం వచ్చింది. కీలో మాత్రం "దిమ్మె కదలదు, ఘర్షణ 9.64 న్యూటన్లు, కిందికి" అని ఉంది. పైగా ఫోటో మీద కోణమాపకం పెడితే కోణం 24 డిగ్రీలే వస్తోంది. నేనెక్కడ తప్పాను?

జవాబు:

ముందు ఆ 24 డిగ్రీల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది మీ తప్పు కాదు. బల్ల మీద నోట్సు పెట్టి కుర్చీలో కూర్చునే ఫోటో తీస్తే ఫోను పుస్తకానికి నేరుగా పైన ఉండదు, మన వైపు వాలి ఉంటుంది. అప్పుడు పేజీలో అడ్డంగా ఉన్న పొడవులు అలాగే ఉంటాయి, నిలువు పొడవులు మాత్రం కుదించుకుపోతాయి. ఫోను 40 డిగ్రీలు వాలిందనుకోండి. నిలువు పొడవులన్నీ సుమారు 0.77 వంతు అవుతాయి. tan 30° విలువ 0.577. దాన్ని 0.77తో గుణిస్తే 0.44 వస్తుంది, అది 24 డిగ్రీల కోణానికి tan విలువ. మీకు వచ్చింది సరిగ్గా అదే.

ఫోటో ఇలా నలిగిందని పటమే చెబుతుంది. అభిలంబ బలం బాణం వాలు గీతకు లంబంగా ఉండాలి కదా, మీ ఫోటోలో ఆ రెండింటి మధ్య పైవైపు కోణం కొలవండి. 90 కాదు, 103 డిగ్రీల దగ్గర ఉంటుంది. అలాంటి ఫోటోలో కోణమాపకానికి పని లేదు. కోణం లెక్కలో రాసినదే తీసుకోవాలి. బాణాల దిశ మాత్రం ఫోటో అంచుతో కాకుండా, పటంలోని పీఠం గీతతో పోల్చి చూడాలి.

ఈ రెండో మాట నాకు అనుభవం మీద తెలిసింది. నేను ఇంటర్ పిల్లలకు ఇంటి దగ్గర భౌతికశాస్త్రం చెబుతాను. ఒకసారి ఒక అమ్మాయి దాదాపు ఇలాంటి పటాన్నే రాత్రి పదింటికి పంపింది. ఫోటో కాస్త తిరిగిపోయి ఉంది, పీఠం గీత కోతలో పోయింది. నెట్టే బలం బాణం వాలుకు సమాంతరంగా ఉన్నట్టు కనిపించింది. అలాగే చేసి పంపేశాను. మీ అంకెలతో అదే పొరపాటు చేస్తే ఘర్షణ 40 − 25 = 15 న్యూటన్లు వస్తుంది, గరిష్ఠ ఘర్షణ 17.3, కాబట్టి దిమ్మె కదలదు. చూడండి, జవాబు ఎంత నమ్మకంగా ఉందో! దిమ్మె కదలదన్న మాట నిజమే, ఘర్షణ దిశ కూడా సరైనదే, అంకె మాత్రం తప్పు. "కీలో వేరేలా ఉంది సార్" అని ఆ అమ్మాయి అంటే కీ తప్పని కొట్టిపారేశాను కూడా. మర్నాడు నోట్సు నేరుగా చూశాక గానీ నాకు తలకెక్కలేదు. అప్పటి నుంచి ఫోటో వస్తే, లెక్క మొదలుపెట్టే ముందు పటాన్ని నా కాగితం మీద మళ్లీ గీసుకుంటాను.

మీరూ అదే చేయండి. మీ పటంలో ఏడు బాణాలున్నాయి: బరువు mg, దాని రెండు అంశాలు, అభిలంబ బలం N, ఘర్షణ f, నెట్టే బలం P, ఇంకా P cos θ. అన్నీ ఒకే మందంలో ఉన్నాయి. కానీ దిమ్మె మీద ఉన్న బలాలు నాలుగే. భూమి లాగుతోంది, అది mg. చెయ్యి నెడుతోంది, అది P. దిమ్మెను తాకుతున్న తలం రెండు పనులు చేస్తోంది: లంబంగా తోస్తోంది, అది N. ఉపరితలం వెంట అడ్డుకుంటోంది, అది f. మిగిలిన బాణాలు ఈ నాలుగింటిలోవే, ముక్కలు చేసి చూపినవి. అంశాలను చుక్కల గీతలతో గీస్తే చాలు, ఏది బలమో ఏది ముక్కో కలగలిసిపోదు. మీ పటంలో mg కి రెండు ముక్కలూ ఉన్నాయి, P కి మాత్రం ఒకటే ఉంది. ఆ రెండో ముక్క P sin θ ఎక్కడికి పోయింది? మీ మొదటి తప్పు అదే.

P క్షితిజ సమాంతరంగా ఉంది, వాలు దానికి 30 డిగ్రీలలో ఉంది. కాబట్టి P లో వాలు వెంట పైకి పోయే భాగం P cos θ, దిమ్మెను తలంలోకి అదిమే భాగం P sin θ. ఏది sin, ఏది cos అన్న అనుమానం నాకూ ఇప్పటికీ వస్తుంది. అప్పుడు వాలును మనసులో పూర్తిగా పడుకోబెడతాను, అంటే θ = 0. నేల బల్లపరుపుగా ఉంటే అడ్డంగా నెట్టే బలం అంతా నేల వెంటే పోవాలి, నేలలోకి అదిమేది ఏమీ మిగలకూడదు. cos 0 ఒకటి, sin 0 సున్నా. కాబట్టి వాలు వెంట cos, అదిమే వైపు sin. బరువుకు ఇది తిరగబడుతుంది, ఎందుకంటే చదునైన నేల మీద బరువంతా నేలలోకే పోతుంది.

g విలువ 10 గా తీసుకుంటే బరువు 50 న్యూటన్లు. తలానికి లంబంగా కదలిక లేదు కాబట్టి:

N = mg cos θ + P sin θ = 43.3 + 20 = 63.3

అంటే 63.3 న్యూటన్లు. మీరు 43.3 దగ్గరే ఆగారు. వాలుతలం అనగానే N = mg cos θ అని చెయ్యి తనంతట తాను రాసేస్తుంది. అది ఒక ప్రత్యేక సందర్భంలోనే నిజం: తలానికి లంబంగా ఇంకే బలమూ పనిచేయనప్పుడు. N ని సూత్రంలా గుర్తుపెట్టుకోకుండా ప్రతిసారీ ఆ దిశలోని బలాలను కూడి రాబట్టాల్సిందే.

ఇప్పుడు ఘర్షణ. మీ రెండో తప్పు, పెద్ద తప్పు, ఇక్కడుంది. తరగతిలో మొదట చెప్పే లెక్కలో దిమ్మె కిందికి జారుతుంది, ఘర్షణ పైకి ఉంటుంది. ఆ బొమ్మ మనసులో అచ్చుపడిపోయి, మిగతా లెక్కలన్నింటిలోనూ ఘర్షణ బాణం పైకే పోతుంది. మీ ఫోటోలోనూ f పైకే ఉంది. దిశ ముందుగా ఊహించకండి. f బాణాన్ని వేలితో మూసి, మిగతా బలాలను వాలు వెంట కూడండి. పైకి P cos θ = 34.64. కిందికి mg sin θ = 25. మిగిలేది పైకి 9.64. ఘర్షణే లేకపోతే దిమ్మె పైకి పోతుందన్న మాట. కాబట్టి ఘర్షణ కిందికి.

ఎంత? దాన్ని నిశ్చలంగా ఉంచడానికి కావలసింది 9.64. తలం ఇవ్వగలిగిన గరిష్ఠ ఘర్షణ 0.4 × 63.3 = 25.3. కావలసింది గరిష్ఠం కంటే తక్కువ, కాబట్టి దిమ్మె కదలదు, ఘర్షణ 9.64 దగ్గరే ఉంటుంది. 25.3 తలం ఇవ్వగలిగిన హద్దు మాత్రమే. దిమ్మె జారే అంచున ఉన్నప్పుడే f = μN అవుతుంది. గతిక గుణకం 0.3 ఈ లెక్కలో అక్కరే లేదు, తికమక పెట్టడానికే ఇచ్చారు.

జవాబు తప్పని మీ లెక్కే చెప్పింది కూడా. మీరు 34.64 కి 0.4 × 43.3 = 17.3 కలిపి, 25 తీసి, 5 తో భాగించారు, 5.4 వచ్చింది. అంటే దిమ్మె పైకి పోతోంది, ఘర్షణ కూడా పైకే నెడుతోంది. కదలని తలం మీద జారే వస్తువును ఘర్షణ ముందుకు నెట్టదు. దిశ దిద్దుకుని f గా పూర్తి 25.3 పెట్టినా ఇంకో వింత వస్తుంది: 9.64 − 25.3, అంటే దిమ్మె కిందికి 3.1 మీ/సె² త్వరణంతో పరుగెత్తాలి! పైకి పోబోయే వస్తువును ఆపే ఘర్షణే దాన్ని కిందికి లాక్కుపోవడం. ఇంటర్‌లో నేను సరిగ్గా ఇదే రాస్తే మా సారు కాగితం నా ముందు పెట్టి, "దీన్ని కిందికి లాగిందెవరు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

సరిచూసుకోవాలంటే అక్షాలు మార్చి చేయండి. వాలు సంగతి మరచిపోయి నిలువు, అడ్డం దిశల్లో కూడండి. నిలువుగా N లో పైకి ఉండే భాగం 63.3 × 0.866 = 54.82. ఘర్షణ కిందికి ఇచ్చేది 9.64 × 0.5 = 4.82. తేడా 50, అదే బరువు. అడ్డంగా P కి ఎదురుగా N ఇచ్చేది 31.65, ఘర్షణ ఇచ్చేది 8.35, మొత్తం 40. రెండు దిశల్లోనూ సరిపోయింది. ఏదైనా బాణం తిరగబడి ఉంటే ఈ రెండూ ఒకేసారి కుదరవు.

వీలైతే ఇదే పటంతో P ని మారుస్తూ చూడండి, ఘర్షణ బాణం స్వభావం తెలుస్తుంది. tan 30° అంటే 0.577, అది 0.4 కంటే ఎక్కువ, కాబట్టి చెయ్యి తీసేస్తే దిమ్మె జారిపోతుంది. ఆపడానికి కనీసం 7.2 న్యూటన్లతో నెట్టాలి. అక్కడ ఘర్షణ పైకి, గరిష్ఠంగా ఉంటుంది. P పెంచేకొద్దీ ఘర్షణ తగ్గుతుంది. P విలువ mg tan θ, అంటే 28.9 న్యూటన్లు అయినప్పుడు ఘర్షణ సున్నా. ఆ తరువాత బాణం తిరగబడి కిందికి పెరుగుతుంది. మీ 40 ఈ రెండో భాగంలో ఉంది. 63.5 న్యూటన్లు దాటితేనే దిమ్మె పైకి కదులుతుంది, 0.3 అప్పుడు అవసరమవుతుంది. ఈ హద్దులు రాబట్టడానికి f = μN ని ఒకసారి పైకి, ఒకసారి కిందికి పెట్టి చేయండి. N లో P ఉందని మాత్రం మరచిపోవద్దు.

ఇంకొక్క మాట. కీలోని 9.64 కి g 10 గా తీసుకున్నారు. మీ కళాశాలలో 9.8 వాడమంటే ఘర్షణ 10.14 న్యూటన్లు వస్తుంది, దాన్ని చూసి మళ్లీ తప్పు చేశానని కంగారుపడకండి.