ఉద్యోగం చేస్తూ ధర్మశాస్త్రం: ఏడాదికి ఒక్క అధ్యాయం

"హన్మకొండలో ఉంటాను, పగలంతా ఉద్యోగం. యూనివర్సిటీలో ప్రాచీన ధర్మశాస్త్రం చదువుతున్నా. స్మృతులన్నీ ఏడాదిలో ఎలా పూర్తిచేయాలి?"

అన్నీ పెట్టుకోకండి. యాజ్ఞవల్క్య స్మృతిలో వ్యవహారాధ్యాయం, దానిమీద విజ్ఞానేశ్వరుడి వ్యాఖ్యానం మితాక్షర, ఈ రెండే చాలు. కోర్టు విషయాలన్నీ మూడు వందల పైచిలుకు శ్లోకాల్లో వచ్చేస్తాయి. కాజీపేట నుంచి జనగామకు రోజూ రైల్లో డ్యూటీకి వెళ్తూ నేనూ ఇలాగే చదివాను.

మొదటి రెండు నెలలు శ్లోకం, దాని అర్థం, అంతే. రోజుకు ఐదు చొప్పున రైల్లోనే అయిపోతాయి. అప్పుడే మితాక్షర తెరవకండి. ముందే తెరిస్తే స్మృతి చెప్పిందేదో, వ్యాఖ్యాత తేల్చిందేదో తర్వాత విడదీయలేరు.

ఆ తర్వాత మూడు నెలలు సాక్ష్యాల భాగం: లిఖితం, భుక్తి అంటే ఆస్తిని అనుభవిస్తూ ఉండటం, సాక్షులు. వ్యాఖ్యానం రైల్లో తలకెక్కదు, ఆదివారం పొద్దున్నే రెండు గంటలు కూర్చోవాల్సిందే. ఇరవై ఏళ్ల అనుభవం గురించిన శ్లోకాన్నే చూడండి. యజమాని చూస్తూ కూడా నోరు మెదపకుండా ఉంటే, పరాయివాడు అనుభవిస్తున్న భూమి ఇరవై ఏళ్లకు, ఇతర ధనం పదేళ్లకు పోతుందని శ్లోకం అంటుంది. పొలమే పోయిందని మనం అనుకుంటాం. విజ్ఞానేశ్వరుడు ఒప్పుకోడు. ఎదుటివాడు అనుభవించినంత మాత్రాన యజమాని స్వామ్యం పోదు, అన్నాళ్లూ అభ్యంతరం చెప్పని తప్పుకు పోయేది ఫలం మాత్రమే అంటాడు. అంటే పక్క పొలం ఆసామి మీ ఎకరం దున్నుకుంటుంటే ఇరవై ఏళ్లు ఊరుకున్నారనుకోండి. దావా గెలిస్తే భూమి మీకొస్తుంది, వాడు తిన్న పంట రాదు. మీకు తెలియకుండా దున్నుకుంటే పంట కూడా అడగొచ్చు. ఇప్పటి 1963 లిమిటేషన్ చట్టంలోనైతే పన్నెండేళ్ల ప్రతికూల స్వాధీనంతో హక్కే పోతుంది. ఈ మూడింటినీ ఒకే పేజీలో పక్కపక్కన రాసుకోండి. రాయలేకపోతున్నారంటే ఆ శ్లోకం ఇంకా అర్థం కాలేదన్నమాట, ముందుకు పోవద్దు.

తర్వాతి నాలుగు నెలలు వారసత్వ ఆస్తి పంపకాల గురించిన దాయవిభాగానికే ఇవ్వండి, కష్టమంతా అక్కడే ఉంది. తాత సంపాదించిన భూమిలో తండ్రీకొడుకులకు సమాన స్వామ్యం అన్న శ్లోకం దగ్గర ఆగి, పుట్టుకతోనే హక్కు వస్తుందనే వాదం విజ్ఞానేశ్వరుడు ఎలా కట్టాడో గమనించండి. ఇంగ్లిష్ ఆసరా కావాలంటే 1810 నాటి కోల్‌బ్రూక్ అనువాదం ఉంది, కానీ అందులో మితాక్షర నుంచి ఉన్నది ఈ దాయవిభాగమే.

చివరి మూడు నెలల్లో పుట్టుకతో హక్కు రాదనే జీమూతవాహనుడి వాదాన్నీ, 1956 హిందూ వారసత్వ చట్టం ఆరో సెక్షన్‌నూ, 2005 సవరణనూ పోల్చండి. మన దగ్గర కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఉమ్మడి రాష్ట్రం 1986లోనే ఇచ్చింది, ఆ సవరణ కూడా చదవండి.

కేతన తెలుగులో పద్యాలుగా చెప్పిన విజ్ఞానేశ్వరీయం విషయాలు గుర్తుపెట్టుకోవడానికి బాగుంటుంది. పరీక్షలో మాత్రం మూలం బదులు దాన్ని ఉదహరించకండి. సెమిస్టర్ పరీక్షల నెలలో కొత్త శ్లోకాలు ఆపేసి, ఆ పక్కపక్క పేజీలే తిరగేయండి.