ఏరోడైనమిక్సా, థర్మలా? ముందు ప్లేట్ గోడ దగ్గర వాలు చూడండి

ప్రశ్న: సార్, నేను మెకానికల్ మూడో సంవత్సరం. ఏరోడైనమిక్స్ వైపు వెళ్లాలా, థర్మల్ వైపు వెళ్లాలా తేల్చుకోలేకపోతున్నాను. ఒక ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూలో "ఫ్లాట్ ప్లేట్ మీద బౌండరీ లేయర్ మందం పెరిగేకొద్దీ డ్రాగ్ పెరుగుతుందా, తగ్గుతుందా? మరి హీట్ ట్రాన్స్‌ఫర్?" అని అడిగారు. ఫార్ములాలన్నీ నోటికి వచ్చు, అయినా జవాబు చెప్పలేకపోయాను. ఏం చేయాలి?

జవాబు: ఆ ప్రశ్నలో ఒక మాట కావాలనే వదిలేసి ఉంటారు. ప్లేట్ మీద ఒక చోట ఉండే ఘర్షణ గురించా, మొత్తం ప్లేట్ మీద పడే డ్రాగ్ గురించా అన్నది చెప్పలేదు. "ఏ డ్రాగ్ సార్, లోకలా, టోటలా?" అని తిరిగి అడిగి ఉంటే సగం జవాబు చెప్పినట్టే. లేయర్ మందం పెరిగేకొద్దీ అక్కడి ఘర్షణ తగ్గుతుంది. ప్లేట్ పొడవు పెరిగేకొద్దీ మొత్తం డ్రాగ్ పెరుగుతూనే ఉంటుంది, కాకపోతే పెరిగే వేగం మందగిస్తుంది. లామినార్ ప్రవాహంలో హీట్ ట్రాన్స్‌ఫర్‌దీ సరిగ్గా ఇదే కథ. ఎందుకలా అన్నది ఒక లెక్కతో చూద్దాం, ఏ వైపు వెళ్లాలన్న మీ ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

ప్లేట్‌ని తాకిన గాలి కదలదు, దాని వేగం సున్నా. కొంచెం పైకి వెళ్తే పూర్తి వేగం. ఈ రెండింటి మధ్య వేగం మారే పల్చటి పొరే బౌండరీ లేయర్, 1904లో ప్రాంటల్ చెప్పింది ఇదే. గోడ దగ్గర వేగం ఎంత నిటారుగా మారుతోందో, అంటే ఆ వాలు ఎంతో, ఘర్షణ అంత. ప్లేట్ వేడిగా ఉంటే గోడ దగ్గర ఉష్ణోగ్రత కూడా అలాగే మారుతుంది, ఆ వాలు ఎంతో వేడి అంత వేగంగా పోతుంది. పొర మందమైతే అదే తేడా ఎక్కువ దూరంలో పరుచుకుంటుంది కాబట్టి రెండు వాలులూ తగ్గుతాయి. మీకు నోటికి వచ్చిన ఫార్ములాలన్నీ ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి.

ఇప్పుడు అంకెలు. 1 మీటరు పొడవు, 1 మీటరు వెడల్పు ఉన్న ప్లేట్, దాని మీద సెకనుకు 5 మీటర్ల వేగంతో గాలి. గాలి సగటున 20 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం, ν సుమారు 1.5×10⁻⁵ m²/s. చివర్లో రేనాల్డ్స్ సంఖ్య 3.3 లక్షలు, సాధారణంగా లామినార్ హద్దుగా తీసుకునే 5 లక్షల కన్నా తక్కువ, కాబట్టి ప్లేట్ మొత్తం లామినారే అనుకోవచ్చు. 1908లో బ్లాసియస్ ఇచ్చిన పరిష్కారం, దాని ఆధారంగా తర్వాత వచ్చిన హీట్ ట్రాన్స్‌ఫర్ సూత్రం ప్రకారం:

```
δ       = 5 x / √Re_x
Cf_x    = 0.664 / √Re_x
Cf_avg  = 1.328 / √Re_L
Nu_avg  = 0.664 √Re_L · Pr^(1/3)
```

ముందు అంచు నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర పొర మందం 2.7 మిల్లీమీటర్లు, 1 మీటరు దగ్గర 8.7 మిల్లీమీటర్లు. దూరం పది రెట్లైతే మందం √10 రెట్లు, అంటే 3.16 రెట్లే పెరిగింది. గోడ మీద ఘర్షణ ఒత్తిడి 0.055 పాస్కల్స్ నుంచి 0.017కి, అంటే అదే 3.16 రెట్లు పడిపోయింది. మొత్తం డ్రాగ్ ఒక వైపు 0.035 న్యూటన్లు వస్తుంది. ఇక్కడ కాస్త ఆగి చూడాల్సింది ఒకటుంది: మొత్తం డ్రాగ్ √x లా పెరుగుతుంది కాబట్టి ప్లేట్ ముందు సగమే 71 శాతం డ్రాగ్ మోస్తుంది, వెనక సగం వంతు 29 శాతమే. వేడి కూడా 71 శాతం ముందు సగం నుంచే పోతుంది. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ముక్క చెప్పగలిగితే మీకు విషయం అర్థమైందని అవతలివాళ్లకు తెలిసిపోతుంది.

వేడి సంగతి. Pr 0.71 తీసుకుంటే Nu_avg దాదాపు 342, h దాదాపు 8.9 W/m²K. గాలి కన్నా ప్లేట్ 10 డిగ్రీలు వేడిగా ఉంటే ఒక వైపు నుంచి 89 వాట్లు పోతాయి. ఇప్పుడు ఈ h ని ρ·cp·U తో భాగించండి, స్టాంటన్ సంఖ్య దాదాపు 0.00148. దాన్ని Pr^(2/3) తో గుణిస్తే సుమారు 0.00117. ఇటు Cf_avg లో సగం 0.00115. రెండూ ఒకటే, చివరి అంకెలో కనిపించే తేడా మనం గాలి గుణాలను గుండ్రంగా తీసుకోవడం వల్ల వచ్చింది. అంటే డ్రాగ్ ఒక్కటి కొలిస్తే చాలు, h ఎంతో కాగితం మీదే చెప్పేయొచ్చు. దీన్నే చిల్టన్-కోల్‌బర్న్ అనాలజీ అంటారు. మీ పుస్తకంలో డ్రాగ్ ఒక అధ్యాయంలో, కన్వెక్షన్ ఇంకో అధ్యాయంలో ఉండటం వల్ల ఈ బంధం కంటికి ఆనదు.

ఇక అసలు తమాషా ఇక్కడుంది. ఇదే ప్లేట్‌ని 10 సెంటీమీటర్ల చొప్పున పది ముక్కలు చేసి, ప్రతి ముక్క మీదా పొర మళ్లీ సున్నా నుంచి మొదలయ్యేలా అమర్చామనుకోండి. ఉపరితలం అంతే, గాలి అంతే, ఉష్ణోగ్రత తేడా అంతే. కానీ ఏ ముక్క మీదా పొర 2.7 మిల్లీమీటర్లు దాటదు. h 8.9 నుంచి 28కి పెరుగుతుంది, పోయే వేడి 281 వాట్లు. డ్రాగ్ కూడా అదే లెక్కన 0.035 నుంచి 0.109 న్యూటన్లకు పెరుగుతుంది. హీట్ ఎక్స్‌ఛేంజర్లలో వాడే ఆఫ్‌సెట్ స్ట్రిప్ ఫిన్లు, లూవర్డ్ ఫిన్ల వెనకున్న ఆలోచన ఇదే, పొర ముదరకముందే తెంచేయడం.

అయితే నిజంగా చేసి చూస్తే 3.16 రెట్లు రాదు. ముందు ముక్క వెనకాల నెమ్మదించిన, వేడెక్కిన గాలి తోకలా సాగి తర్వాతి ముక్క మీద పడుతుంది, కాబట్టి ఆ ముక్కకు తాజా గాలి పూర్తిగా దొరకదు. పైగా ముక్కకు ఎంతో కొంత మందం ఉంటుంది, గాలి దాని ముందు అంచును గుద్దుకుని వెనక అంచు దగ్గర విడిపోతుంది, అక్కడ ఒత్తిడి తేడా వల్ల అదనంగా ఫార్మ్ డ్రాగ్ వస్తుంది. ఈ డ్రాగ్ గోడ దగ్గర వాలు నుంచి వచ్చింది కాదు కాబట్టి దానికి సరిపడా వేడి మనకు దక్కదు. అంటే వేడి అనుకున్నదానికన్నా తక్కువ, ప్రెజర్ డ్రాప్ అనుకున్నదానికన్నా ఎక్కువ. అనాలజీ ఎక్కడ పనిచేయదో తెలియాలంటే ఇంతకన్నా మంచి ఉదాహరణ అక్కర్లేదు: ఘర్షణ డ్రాగ్ వరకే అది నిలబడుతుంది, ప్రవాహం విడిపోయిన చోట దాన్ని నమ్మకూడదు. ప్లేట్ ముందు భాగం చల్లగా ఉండి మధ్య నుంచి వేడి చేసినా ఇదే ఇబ్బంది, వేగపు పొర ముందే మొదలైపోయింది, ఉష్ణోగ్రత పొర ఆలస్యంగా మొదలైంది, రెండు వాలులూ జతగా నడవవు.

ఇంకో మెలిక కూడా ఇంటర్వ్యూలో వేస్తారు. "టర్బులెంట్ పొర ఇంకా మందంగా ఉంటుంది కదా, మరి ఘర్షణ తగ్గాలి కదా?" అంటారు. తగ్గదు. సుడులు పైనున్న వేగవంతమైన గాలిని గోడ దాకా దింపుతాయి, పొర మొత్తం మందమైనా గోడ పక్కన వాలు మాత్రం నిటారుగా మారిపోతుంది. Re_x 5 లక్షల దగ్గర లామినార్ సూత్రం Cf 0.00094 ఇస్తే టర్బులెంట్ సూత్రం 0.0592/Re_x^0.2 దాదాపు 0.0043 ఇస్తుంది, సుమారు నాలుగున్నర రెట్లు. హీట్ ట్రాన్స్‌ఫర్ కూడా అలాగే ఎగబాకుతుంది. కాబట్టి "మందం పెరిగితే ఘర్షణ తగ్గుతుంది" అనే మాట ఒకే రకం ప్రవాహంలో ముందుకు వెళ్తున్నంతసేపే సరి. ఆ 5 లక్షలు కూడా శిలాశాసనం ఏమీ కాదు, గాలిలో అలజడి చాలా తక్కువగా ఉన్న విండ్ టన్నెల్‌లో నునుపైన ప్లేట్ మీద లామినార్ ప్రవాహం 30 లక్షల దాకా కూడా నిలుస్తుంది, గరుకు ఉంటే ముందే చెడిపోతుంది.

ఇప్పుడు మీ ఎంపిక. రెండు దారుల్లోనూ చూసేది ఆ గోడ దగ్గరి వాలునే. విమానం రెక్క మీద పనిచేసేవాళ్లు దాన్ని ఎలా తగ్గించాలా, లామినార్‌ని ఇంకొంచెం వెనక్కి ఎలా లాగాలా అని చూస్తారు. కూలింగ్ డిజైన్ చేసేవాళ్లు దాన్ని ఎలా పెంచాలా, దానికోసం ఫ్యాన్ మీద ఎంత భారం వేయొచ్చా అని చూస్తారు. ఇందాక పది ముక్కల లెక్క చదువుతున్నప్పుడు మీకు "281 వాట్లా, భలే" అనిపించిందా, "అయ్యో, డ్రాగ్ మూడింతలైందే" అనిపించిందా? నా మట్టుకు నేను మార్కుల కన్నా దీన్నే ఎక్కువ నమ్ముతాను. అది ఇప్పుడే తేలకపోయినా టెన్షన్ పడకండి, మూడో సంవత్సరంలో చేయాల్సిన పని రెండింటికీ ఒకటే.

ఆ పని ఏమిటంటే, బ్లాసియస్ సమీకరణాన్ని మీరే సాల్వ్ చేయండి. గోడ దగ్గర వాలు ఎంతో ముందు తెలియదు, ఊహించి, చివర్లో వేగం 1 అయ్యేదాకా సరిచేస్తూ పోవాలి. పది పదిహేను లైన్లు చాలు:

```python
from scipy.integrate import solve_ivp
from scipy.optimize import brentq

def rhs(eta, y):
    return [y[1], y[2], -0.5*y[0]*y[2]]

def miss(s):
    r = solve_ivp(rhs, [0, 10], [0, 0, s], rtol=1e-8)
    return r.y[1, -1] - 1

print(brentq(miss, 0.1, 1.0))
```

0.332 వస్తుంది. దాన్ని రెట్టింపు చేస్తే మీరు బట్టీ పట్టిన 0.664. తర్వాత మీ కాలేజీలో ఉన్న సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఇదే ప్లేట్ పెట్టి, Cf_x ని Re_x తో లాగ్-లాగ్ గ్రాఫ్ గీయండి. గీత వాలు మైనస్ సగం రావాలి. చాలామంది మెష్‌ని ప్లేట్ చివర పొర మందం చూసి వేస్తారు, 8.7 మిల్లీమీటర్లలో ఇరవై సెల్స్ ఉన్నాయి కదా అనుకుంటారు, కానీ 1 సెంటీమీటరు దగ్గర పొర మందం 0.9 మిల్లీమీటర్లే, అక్కడ రెండు సెల్స్ మాత్రమే పడతాయి. అలాంటప్పుడు గ్రాఫ్ ముందు భాగంలో గీత దారి తప్పుతుంది, వెనక భాగం మాత్రం బాగానే కనిపించి మోసం చేస్తుంది. డ్రాగ్‌లో పెద్ద వాటా ముందు భాగానిదే కాబట్టి మొత్తం అంకె కూడా తప్పుతుంది. మెష్ సరిచేశాక కూడా అంచుకు మరీ దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్లలో తేడా మిగిలితే అది మీ తప్పు కాదు, Re_x చిన్నదైన చోట బ్లాసియస్ ఊహలే నిలబడవు, x సున్నా దగ్గర ఆయన సూత్రం అనంతం చూపిస్తుంది.

ఆ తర్వాత ప్లేట్‌ని వేడి చేసి, Cf/2 గీతని, St·Pr^(2/3) గీతని ఒకే గ్రాఫ్ మీద గీయండి. ఒకదాని మీద ఒకటి కూర్చుంటే పది ముక్కల అమరికకు వెళ్లండి, రెండు గీతలు ఎక్కడ విడిపోయాయో, ఎందుకు విడిపోయాయో ఒక పేజీలో రాసి రెజ్యూమేకి జత చేయండి. ఈసారి ఆ ప్రశ్న అడిగితే ఆ పేజీయే ముందు పెట్టండి.