స్టేట్‌మెంట్ సీను గురించి

తమ్ముడూ,

నువ్వు పంపిన కథ చదివా. బాగుందని చెప్పి వదిలేస్తే నీకేం పనికిరాదు కాబట్టి కొడుకు బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో వాడి బెట్టింగ్ సంగతి అమ్మ కనిపెట్టే సీను గురించే రాస్తున్నా. నువ్వు "బెట్టింగ్ యాప్‌కి 50,000" అని ఒక్క లైన్ పెట్టేసి వెంటనే ఆమెకి కళ్లు తిరిగాయని రాసేశావు. స్టేట్‌మెంట్ అంత తేలిగ్గా బయటపడదయ్యా. చాలాసార్లు అందులో బెట్టింగ్ అన్న మాటే ఉండదు, ఏదో పేమెంట్ కంపెనీ పేరు, పక్కన పొడుగాటి నంబరు, అంతే. "రాత్రి రెండింటికి" అని కూడా రాశావు, మామూలుగా అందులో తేదీయే ఉంటుంది, టైమ్ తెలియాలంటే ఫోన్‌కొచ్చిన మెసేజ్ చూడాలి, ఆ ఫోనేమో కొడుకు దగ్గరుంది.

కాబట్టి ఆమెని నెమ్మదిగా చదవనివ్వు. ఒకే రోజు అదే పేరుతో 200, మళ్లీ 200, తర్వాత 500, 1,000, 2,000. పోయింది రాబట్టుకోవాలని పెంచుకుంటూ పోయాడని ఎవరూ చెప్పక్కర్లేదు, అంకెలే చెప్తాయి. ఆ కింద 6,000 జమ. ఇక్కడ ఆమె ఊపిరి పీల్చుకోవాలి, పోనీలే తిరిగొచ్చాయి కదా అని. మర్నాడు 5,000 ఒకసారి, 1,000 ఒకసారి, మొత్తం వెళ్లిపోయింది. నన్నడిగితే ఆ పేజీలో అన్నిటికంటే భయపెట్టే లైన్ ఆ జమే, ఎందుకంటే గెలిచిన రోజే వాడు గట్టిగా ఇరుక్కున్నాడు.

ఇక ఓపిక సంగతి. "ఆమె మౌనంగా భరించింది" అన్నావు, నాకది భయంలాగే కనిపించింది. కోపం రావాలి, కాగితం పట్టుకుని వాడి గది దాకా వెళ్లాలి కూడా. ఇప్పుడు అరిస్తే వాడు ఎదురుగానే యాప్ తీసేసి రేపు మళ్లీ వేసుకుంటాడు, వచ్చే నెల స్టేట్‌మెంట్ ఆమె కంటపడకుండా చూసుకుంటాడు, ఆ లెక్క తోచి వెనక్కి తిరిగితే అది ఓపిక. మర్నాడు "ఎందుకు చేశావురా" అనకుండా "ఎవరికైనా బాకీ ఉన్నావా నాన్నా" అని అడగనీ. వాడు 10,000 అంటాడు. ఇలాంటివాళ్లు మొదటిసారే మొత్తం చెప్పడం అరుదు. స్టేట్‌మెంట్‌లో ఆమె కూడిన లెక్క 38,000, అయినా ఆ కాగితం తీసి వాడి ముందు పడెయ్యదు, "ఇంకేమన్నా గుర్తొస్తే రేపు చెప్పు" అంటుంది. ఈ ఒక్క మాట దగ్గర ఎంతసేపు కూర్చున్నా తప్పులేదు.

ఇంకోటి, దాచుకున్న డబ్బంతా ఆమె వాడి చేతిలో పెట్టే సీను తీసెయ్. అప్పు తీర్చమని వాడికే ఇస్తే ఆ డబ్బు మళ్లీ పందెంలోకే పోయే ప్రమాదం ఎక్కువ. తీర్చాలనుకుంటే ఇచ్చినవాళ్లకి తనే కట్టొచ్చు, కార్డు కొన్నాళ్లు తన దగ్గర పెట్టమనొచ్చు, దానికి వాడు గింజుకుంటాడు, అది కూడా రాయి.

ముగింపులో వాడు మారిపోయాడని రాయడం తొందరే అనిపిస్తోంది, కానీ ముందు ఈ సీను తిరగరాసి పంపు, అదప్పుడు చూద్దాం.

మీ అన్న