యాభై అయిదులో ఉద్యోగం పోతే పీఎఫ్ తీసుకోవాలా?

ప్రశ్న: మాది రేణిగుంట. ఇరవై నాలుగేళ్లు చేసిన ఫ్యాక్టరీలో నన్ను పోయిన నెల తీసేశారు. వయసు 55 నిండింది. పీఎఫ్‌లో 18 లక్షలు, గ్రాట్యుటీ 4 లక్షలు, బ్యాంకు డిపాజిట్ 5 లక్షలు ఉన్నాయి. నెల ఖర్చు 28 వేలు. పీఎఫ్ మొత్తం తీసి చంద్రగిరి వైపు స్థలం కొనమని బావమరిది అంటున్నాడు. పింఛను 58కి గదా వచ్చేది, అంతవరకు ఎట్లా?

జవాబు: స్థలం ఆలోచనను పక్కన పెట్టండి. నెలనెలా బియ్యం, మందులు కొనవలసిన మనిషికి అమ్ముడుపోయేదాకా రూపాయి రాల్చని ఆస్తి పనికిరాదు.

55 నిండాక పనిలోంచి తప్పుకున్నవారు పీఎఫ్ మొత్తాన్ని ఎప్పుడైనా తీసుకోవచ్చు కాబట్టి, తొందర అవసరం లేదు. ఖాతాను కదపకపోతే మూడేళ్లపాటు వడ్డీ జమవుతూనే ఉంటుంది. 2024-25లో ప్రకటించిన 8.25 శాతమే కొనసాగితే మీ 18 లక్షలు 58 నాటికి సుమారు 22 లక్షల 80 వేలవుతాయి. అయితే ఉద్యోగం పోయిన తరువాత జమయ్యే వడ్డీ పన్ను లెక్కలోకి వస్తుంది, 36 నెలలు దాటితే వడ్డీయే ఆగిపోతుంది. అందుకని ఆ గడువుకు కొంచెం ముందే ఫారం 19 వేయండి.

ఇక పింఛను. పదేళ్ల సర్వీసు దాటినవారు 50 నుంచే ముందస్తు పింఛను కోరవచ్చు. 58కి ఎన్నేళ్లు తక్కువైతే అన్నేళ్లకు ఏటా 4 శాతం చొప్పున కోత పడి, ఆ తగ్గింపు జీవితాంతం ఉంటుంది. కోత అనగానే చాలామంది వెనక్కి తగ్గుతారు గాని, లెక్క వేసి చూస్తే అంత భయపడవలసినది కాదు. 58కి మీకు 4,000 వస్తుందనుకుందాం. ఇప్పుడే మొదలుపెడితే సుమారు 3,540 వస్తుంది. మూడేళ్లలో చేతికందేది లక్షా 27 వేలు, ఆపైన నెలకు పోయేది 460 రూపాయలు. ముందు తీసుకున్నది ఈ కోతతో సమం కావడానికి 58 తరువాత ఇరవై మూడేళ్లు పడుతుంది.

ఆ పింఛను పోగా నెలకు మీకు కావలసింది దాదాపు 24,460, మూడేళ్లకు 8 లక్షల 80 వేలు. గ్రాట్యుటీ, డిపాజిట్ కలిపితే 9 లక్షలు. పెరిగే ధరలకు డిపాజిట్ వడ్డీ కొంత ఆసరా. పెద్ద వైద్య ఖర్చు వస్తే మాత్రం ఇది చాలదు, అప్పుడు పీఎఫ్ తీయక తప్పదు.

ఒక్క షరతు: మళ్లీ పీఎఫ్ ఉన్న కంపెనీలో చేరే ఉద్దేశం ఉంటే ముందస్తు పింఛనుకు ఫారం 10D వేయకండి. వేసే ముందు పాత కంపెనీల సర్వీసు అంతా ఒకే ఖాతాలోకి బదిలీ అయిందో లేదో, పాస్‌బుక్‌లో ఉద్యోగం మానిన తేదీ నమోదైందో లేదో చూసుకోండి. ఆ తేదీ లేకపోతే దరఖాస్తు తిరిగివస్తుంది. కంపెనీ నమోదు చేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తరువాత పోర్టల్‌లో Mark Exit ద్వారా మీరే నమోదు చేసుకోవచ్చు.