జుంకాల ఫొటోలో బూడిద రంగు, నల్ల మచ్చ

“నేను చేసే బంగారు పూత జుంకాలను తెల్ల కాగితంపై పెట్టి ఫోన్‌తో తీస్తే కాగితం బూడిద రంగులో వస్తోంది, బుట్ట మీద నా ఫోన్ నల్లగా కనిపిస్తోంది. ఏం చేయాలి?”

కాగితం బూడిద రంగులోకి మారడం ఫోన్ లోపం కాదండి. ఎక్కువ తెలుపు కనిపిస్తే కెమెరా దానిని అధిక వెలుతురుగా భావించి, ఫొటోను తనంతట తానే చీకటి చేస్తుంది. జుంకాపై వేలితో నొక్కి పట్టుకొని ఫోకస్‌ను లాక్ చేసి, పక్కన కనిపించే సూర్యుడి గుర్తును కాగితం తెల్లబడేవరకు పైకి జరపండి. అయితే పూసల మెరుపులో వివరం చెరిగిపోతున్నట్లు కనిపిస్తే అక్కడే ఆపి, మిగిలిన తెలుపును ఎడిటింగ్‌లో సరిచేసుకోవచ్చు.

నల్ల మచ్చ సంగతి వేరు. బుట్ట గుండ్రటి అద్దం వంటిది కనుక ఎదురుగా ఉన్నదంతా దానిలో ప్రతిబింబిస్తుంది, దానిని పూర్తిగా తప్పించలేము. ఆ ప్రతిబింబాన్ని తెల్లగా మార్చడమే ఉపాయం. తెల్ల చార్టు ముక్కకు లెన్సు పట్టేంత రంధ్రం చేసి ఫోన్‌కు ముందు అడ్డుగా పెట్టండి. ఫోన్‌ను ఒక అడుగు వెనక్కి జరిపి 2x లో తీస్తే మచ్చ చిన్నదవుతుంది, జుంకా ఆకారమూ సాగదు.

నేరుగా ఎండ పడని కిటికీ పక్కన, ట్యూబ్‌లైటు ఆర్పి తీయండి. రెండు రకాల వెలుగు కలిస్తే జుంకా ఒకవైపు ఒక రంగులో, మరోవైపు ఇంకో రంగులో రావచ్చు. ఆ రంగును తర్వాత సరిచేయడం నిజంగా తలనొప్పి.